వారం వారం కాల్‌కు ఏ రోజు మంచిది? రెండు దేశాల సెలవుల లెక్క

క్లుప్తంగా: వేర్వేరు దేశాల్లో ఉన్న రెండు బృందాలు వారానికోసారి మాట్లాడుకోవాలంటే ముందు గడియారం చూస్తాయి. సెలవుల సంగతి అవి వచ్చినప్పుడు చూసుకోవచ్చనుకుంటాయి. కానీ ఏడాదిలో ఎన్ని కాల్స్ ఎగిరిపోతాయన్నది ఎక్కువగా వారంలో ఎంచుకున్న రోజును బట్టే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో, టోక్యోల మధ్య 2026లో సోమవారం సాయంత్రం కాల్ పెడితే 9 సార్లు సెలవు అడ్డొస్తుంది. బుధవారం పెడితే ఒక్కసారే. ఈ తేడా ఎందుకు వస్తుందో, క్యాలెండర్ దాన్ని ఎందుకు పసిగట్టలేదో ఈ వ్యాసం వివరిస్తుంది.

## సోమవారం మీద ఇంత భారం ఎందుకు?

సెలవులు వారంలోని రోజుల మీద సమానంగా పడవు. చాలా దేశాల్లో సోమవారానికి ఎక్కువ వాటా దక్కుతుంది. దీని వెనుక చట్టాలున్నాయి.

అమెరికా 1968లో ఒక చట్టం చేసి, కొన్ని సెలవులను తేదీల నుంచి తప్పించి సోమవారాలకు మార్చింది. అది 1971 నుంచి అమల్లోకి వచ్చింది. ఉద్యోగులకు శని, ఆది, సోమ వరుసగా మూడు రోజులు దొరకాలన్నది ఉద్దేశం. వెటరన్స్ డేను కూడా అలాగే జరిపారు కానీ జనానికి రుచించలేదు. 1978 నుంచి దాన్ని మళ్లీ నవంబర్ 11కే తెచ్చారు. జపాన్‌లోనూ ఇదే ఆలోచనతో 2000లో రెండు సెలవులు, 2003లో మరో రెండు సోమవారానికి మారాయి. ఇంగ్లండ్‌లో ఈస్టర్ మర్నాటి సెలవు, మే నెలలో రెండు, ఆగస్టు చివర్లో ఒకటి మామూలుగా సోమవారమే వస్తాయి.

దీనికి తోడు ప్రత్యామ్నాయ సెలవులున్నాయి. ఆదివారం పడ్డ సెలవును చాలా దేశాలు సోమవారానికి జరుపుతాయి. అంటే తేదీకి కట్టుబడిన సెలవు కూడా ఒక్కోసారి సోమవారం ఖాతాలోనే చేరుతుంది. వారం మొదట్లోనే అందరూ ఒకసారి కలిస్తే బాగుంటుందని సోమవారం కాల్ పెట్టే అలవాటు చాలా సంస్థల్లో ఉంది. సెలవుల వైపు నుంచి చూస్తే ఎంచుకోగలిగిన వాటిలో అదే అధ్వాన్నమైన రోజు.

## ఒకే కాల్, రెండు రోజులు

ఇప్పుడు ఒక జతను తీసుకుని లెక్క వేద్దాం. ఒక బృందం శాన్‌ఫ్రాన్సిస్కోలో, మరొకటి టోక్యోలో ఉంది. ఇరువైపులా పని వేళల్లో కుదిరే సమయం దాదాపు ఒక్కటే: శాన్‌ఫ్రాన్సిస్కోలో సాయంత్రం 5 గంటలు. అప్పటికి టోక్యోలో మర్నాడు ఉదయం 10 గంటలవుతుంది.

ఇక్కడే చాలామంది పొరబడతారు. అమెరికాలో సోమవారం అనుకున్న కాల్ జపాన్‌లో మంగళవారం జరుగుతోంది. కాబట్టి అమెరికా సోమవారాలను జపాన్ సోమవారాలతో కలిపి లెక్కించడం తప్పు. అమెరికా సోమవారాలకు జపాన్ మంగళవారాలను జత చేయాలి.

ఏడాది చివరి రెండు వారాలను పక్కన పెట్టి, 2026 జనవరి 5తో మొదలయ్యే వారం నుంచి డిసెంబర్ 14తో మొదలయ్యే వారం దాకా 50 వారాలు తీసుకుందాం. అమెరికాలో ఫెడరల్ సెలవు పడే సోమవారాలు 5. అవి జనవరి 19, ఫిబ్రవరి 16, మే 25, సెప్టెంబర్ 7, అక్టోబర్ 12. జపాన్‌లో సెలవు పడే మంగళవారాలు 4. అవి మే 5, ఆగస్టు 11, సెప్టెంబర్ 22, నవంబర్ 3. ఏ రెండూ ఒకే కాల్ మీద పడవు. మొత్తం 9 కాల్స్ పోతాయి.

అదే కాల్‌ను ఒక రోజు జరిపితే, అంటే అమెరికా మంగళవారం, జపాన్ బుధవారం అయితే, అమెరికా వైపు ఒక్క సెలవూ లేదు. జపాన్ వైపు ఫిబ్రవరి 11, ఏప్రిల్ 29, మే 6, సెప్టెంబర్ 23 అడ్డొస్తాయి. మొత్తం 4. ఇంకో రోజు జరిపి అమెరికా బుధవారం, జపాన్ గురువారం చేస్తే మిగిలేది ఒక్కటే, నవంబర్ 11న వెటరన్స్ డే. అమెరికా గురువారం, జపాన్ శుక్రవారం అయితే 2. ఒకటి మార్చి 20న జపాన్‌లో వసంత విషువత్తు, రెండోది నవంబర్ 26న థాంక్స్‌గివింగ్.

అమెరికా శుక్రవారం పనికిరాదు. అప్పటికి టోక్యోలో శనివారం వచ్చేస్తుంది. టోక్యో సోమవారం కూడా పనికిరాదు, అమెరికాలో అది ఇంకా ఆదివారమే. ఇరువైపులా చెరో పని దినం ఇలా పోవడం నష్టంలా కనిపిస్తుంది కానీ దాని వల్ల ఒక మేలుంది. 2026లో జపాన్‌కు సోమవారం సెలవులు 7 ఉన్నాయి. దినరేఖ పుణ్యమా అని అవేవీ ఈ కాల్ జోలికి రావు.

లండన్, టోక్యోల జతకు ఆ రక్షణ ఉండదు. లండన్‌లో ఉదయం 9 గంటలకు టోక్యోలో సాయంత్రం 5 లేదా 6 అవుతుంది, రెండు చోట్లా అదే రోజు. అదే 50 వారాల్లో ఇంగ్లండ్‌కు 4, జపాన్‌కు 7 సోమవారాలు సెలవు. మే 4 రెండింటికీ సెలవే కాబట్టి మొత్తం 10 కాల్స్ పోతాయి. గురువారం పెడితే ఒక్కటీ పోదు.

## ఈ లెక్క ఎన్నాళ్లు నిలుస్తుంది?

పైన చెప్పిన అంకెల్లో కొన్ని ఏటా నిలిచేవి, కొన్ని 2026కే పరిమితమైనవి. రెండింటినీ వేరు చేయకపోతే వచ్చే ఏడాది లెక్క తప్పుతుంది.

‘ఫలానా నెలలో మూడో సోమవారం’ అని చట్టం చెప్పిన సెలవు ఏ ఏడాదైనా సోమవారమే. తేదీకి కట్టుబడినది మాత్రం వారంలో ఏటా ఒక రోజు, లీపు సంవత్సరం అడ్డొస్తే రెండు రోజులు ముందుకు జరుగుతుంది. 2026లో బుధవారం పడ్డ ఫిబ్రవరి 11, ఏప్రిల్ 29, సెప్టెంబర్ 23 తేదీలు 2027లో గురువారం పడతాయి. అందువల్ల 2026లో ఒక్క సెలవుతో గట్టెక్కిన అమెరికా బుధవారం, జపాన్ గురువారం జతకు 2027లో 3 సెలవులు వస్తాయి. సోమవారం కాల్ మాత్రం 2027లోనూ 9 దగ్గరే ఉంటుంది. జపాన్ మంగళవారాలు 4 నుంచి 3కు తగ్గినా, జూలై 4 ఆదివారం పడి అమెరికాకు ఆరో సోమవారం సెలవు తోడవుతుంది.

దీన్నిబట్టి సోమవారాన్ని వదిలేయడం ఒకసారి తీసుకుంటే చాలే నిర్ణయం. మిగిలిన రోజుల్లో ఏది మెరుగన్నది ఏటా నవంబర్‌లోనో డిసెంబర్‌లోనో మళ్లీ చూసుకోవలసిందే.

చంద్రుణ్ని బట్టి వచ్చే పండుగలకు ఈ పద్ధతి కూడా సరిపోదు. ఇస్లామిక్ సంవత్సరం దాదాపు 354 రోజులు. అందుకే ఈద్ ఏటా 10, 11 రోజులు ముందుకు వస్తుంది. పైగా నెలవంక చూశాకే రోజు ఖరారు చేసే దేశాల్లో ముందురోజు సాయంత్రం దాకా తేదీ తెలియదు. ఒక దేశంలో ఒక రోజు, పక్క దేశంలో మర్నాడు జరుపుకోవడమూ మామూలే. అలాంటి చోట ఒక్క తేదీని కాకుండా అనుమానమున్న రెండు రోజులనూ ముందే ఖాళీగా ఉంచడం మేలు. తర్వాత ఒకటి తిరిగి దొరికితే అది లాభమే.

చైనాలో ఇంకో రకం. దీర్ఘ సెలవులు ఇచ్చి, వాటికి బదులుగా కొన్ని శని, ఆదివారాలను పని దినాలు చేస్తారు. సెలవులను మాత్రమే చూపే క్యాలెండర్‌లో ఈ బదులు పని దినాలు కనిపించవు.

## సెలవు జాబితా, తలుపు మూసిన ఆఫీసు ఒకటి కాదు

యాప్‌లో ‘జపాన్ సెలవులు’, ‘అమెరికా సెలవులు’ అని రెండు క్యాలెండర్లు జోడించుకుంటే పని అయిపోయిందనిపిస్తుంది. ఆ జాబితాలు ప్రభుత్వ సెలవులను చూపుతాయి. అవతలి మనిషి ఆ రోజు పనికి వస్తాడా లేదా అన్నది వేరే ప్రశ్న.

అమెరికాలో ఫెడరల్ సెలవులు ఫెడరల్ కార్యాలయాలకు వర్తిస్తాయి. ప్రైవేటు సంస్థ ఆ రోజు మూసి తీరాలని ఫెడరల్ చట్టమేదీ చెప్పదు. కొలంబస్ డే, వెటరన్స్ డేలకు చాలా సంస్థలు తెరిచే ఉంటాయి. థాంక్స్‌గివింగ్ మర్నాటి శుక్రవారం ఫెడరల్ జాబితాలో లేదు, కానీ ఆ రోజు చాలా ఆఫీసుల్లో మనిషి కనిపించడు. థాంక్స్‌గివింగ్ ముందురోజు బుధవారం సాయంత్రం 5 గంటలకు కాల్ పెడితే ఎంతమంది వస్తారో ఊహించుకోవచ్చు.

జపాన్‌లో చట్టం ప్రకారం నూతన సంవత్సర సెలవు జనవరి 1 ఒక్కటే. ప్రభుత్వ కార్యాలయాలు మాత్రం డిసెంబర్ 29 నుంచి జనవరి 3 దాకా మూసి ఉంటాయి, చాలా సంస్థలూ అదే పాటిస్తాయి. ఆగస్టు మధ్యలో పూర్వీకులను తలుచుకునే ఒబోన్ రోజులు జాతీయ సెలవులు కావు. అయినా సొంత ఊళ్లకు వెళ్లేవాళ్లు ఎక్కువ.

ఇక జర్మనీలో ‘దేశం’ అన్న కొలతే సరిపోదు. దేశమంతటా ఉండే సెలవులు 9 కాగా, మిగతావి రాష్ట్రాన్ని బట్టి మారతాయి. జనవరి 6 బవేరియాలో సెలవు, బెర్లిన్‌లో పని దినం. భారత్‌లో రాష్ట్రాల తేడాలకు తోడు ఐచ్ఛిక సెలవులున్నాయి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి జాబితాలోంచి తనకు నచ్చిన రెండు ఎంచుకోవచ్చు. ఆ రెండూ ఏవో ఏ క్యాలెండర్ చెప్పగలదు?

కాబట్టి ఆధారపడదగిన జాబితా ఒక్కటే. అవతలి ఆఫీసు తన ఉద్యోగులకు ఇచ్చే ఆ ఏటి సెలవుల పట్టికను అడిగి తీసుకోవాలి. దాని పక్కనే ‘పట్టికలో లేకపోయినా మీవాళ్లు సగానికి సగం ఉండని రోజులేవి?’ అన్న ప్రశ్న కూడా పంపాలి. ఒబోన్ లాంటివి ఆ రెండో ప్రశ్నకే బయటపడతాయి.

## క్యాలెండర్ లోపల ఏం జరుగుతుంది?

వారం వారం వచ్చే కాల్‌ను క్యాలెండర్ యాప్ 50 వేర్వేరు సమావేశాలుగా దాచుకోదు. ఒక ప్రారంభ సమయం, ఒక సూత్రం, కొన్ని మినహాయింపులు, అంతే. యాప్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే iCalendar పద్ధతిలో (2009లో వచ్చిన RFC 5545) అది ఇలా ఉంటుంది. పని ఒత్తిడి వల్ల బుధవారం కుదరక, పైన చెప్పిన జత శాన్‌ఫ్రాన్సిస్కో మంగళవారానికి ఒప్పుకుందని అనుకుందాం.

```
DTSTART;TZID=America/Los_Angeles:20260106T170000
RRULE:FREQ=WEEKLY;BYDAY=TU;COUNT=50
EXDATE;TZID=America/Los_Angeles:20260210T170000,
 20260428T170000,20260505T170000,20260922T170000
```

మొదటి వరుస ప్రారంభం, రెండోది సూత్రం. ఆ సూత్రానికి సెలవు అంటే ఏమిటో తెలియదు. ‘సెలవైతే వదిలెయ్’ అని రాసే వీలు RRULEలో లేదు. పక్కన జోడించిన సెలవుల క్యాలెండర్ రంగు పట్టీలా పైన కనిపిస్తుందే తప్ప కాల్‌ను ఆపదు. ఆపేది EXDATE ఒక్కటే. దాన్ని మనిషే నింపాలి, యాప్‌లో ఆ ఒక్క రోజు కాల్‌ను తొలగించినప్పుడు జరిగేది అదే.

తేదీలను ఒకసారి పరిశీలించండి. జపాన్ సెలవు ఫిబ్రవరి 11, తీసేసింది ఫిబ్రవరి 10. ఏప్రిల్ 29కి 28, మే 6కి 5, సెప్టెంబర్ 23కి 22. జపాన్ జాబితా చూసి నేరుగా ఫిబ్రవరి 11న వెతికితే శాన్‌ఫ్రాన్సిస్కో క్యాలెండర్‌లో ఆ రోజు కాల్ ఉండదు. ‘సరే, మనకు అడ్డు లేదు’ అనుకుని వదిలేస్తారు. మరుసటి ఏడాది కాల్స్‌కు ఈ పొరపాటు జరిగిందో లేదో తెలుసుకోవడం సులువే. క్యాలెండర్ సెట్టింగుల్లో టైమ్ జోన్‌ను టోక్యోకు మార్చి, జపాన్ సెలవుల జాబితాను ఆ తేదీలతో పోల్చాలి.

COUNT=50 అంటే 50 కాల్స్ జరుగుతాయని కాదు. ముందు 50 తేదీలు లెక్కకట్టి, అందులోంచి మినహాయింపులు తీసేస్తారు. ఇక్కడ జరిగేవి 46.

## వదిలేయాలా, జరపాలా?

సెలవు తగిలిన కాల్‌ను ఏం చేయాలన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే ప్రతిసారీ అదో చర్చ అవుతుంది. ఆర్థిక మార్కెట్లు ఈ సమస్యను ఎప్పుడో పరిష్కరించుకున్నాయి. చెల్లింపు తేదీ సెలవు రోజున పడితే తర్వాతి పని దినానికి జరుపుతారు. అలా జరిపితే నెల దాటిపోయే పక్షంలో ముందటి పని దినానికి తెస్తారు. పని దినం అంటే ఒప్పందంలో రాసుకున్న నగరాలన్నింటిలోనూ పని దినమైనది. నియమం ఒప్పందంలోనే ఉంటుంది కాబట్టి ఆ రోజు ఎవరూ ఎవరినీ అడగనక్కర్లేదు.

నెలకోసారి జరిగే కాల్‌కు ఇదే పద్ధతి చక్కగా అతుకుతుంది. వదిలేస్తే రెండు నెలల ఎడం వస్తుంది కాబట్టి జరపడమే సబబు. వారం వారం కాల్‌కు మాత్రం వదిలేయడమే తేలిక. జరిపిన కాల్ ఇంకో నలుగురి వేరే పనులకు అడ్డం పడుతుంది. పైగా ఏడు రోజుల్లో అసలు కాల్ ఎలాగూ వస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది, అది 2026 మే మొదటి వారంలో కనిపిస్తుంది. జపాన్‌లో మే 3, 4, 5 వరుసగా సెలవులు. మే 3 ఆదివారం పడింది కాబట్టి దాని బదులు సెలవు తర్వాతి ఖాళీ రోజుకు వెళ్లాలి. 4, 5 అప్పటికే సెలవులు, అందుకని అది మే 6కు వెళ్లింది. ముందటి బుధవారం ఏప్రిల్ 29 కూడా సెలవే. ఫలితంగా వరుసగా రెండు కాల్స్ పోతాయి. ఏప్రిల్ 21న మాట్లాడుకున్న బృందాలు మళ్లీ కలిసేది మే 12న. వారం వారం అనుకున్నది మూడు వారాలైంది. ఇలాంటి చోట ఒక కాల్‌ను వేరే రోజుకు జరపడం తప్పదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో బుధవారం ఏప్రిల్ 29 సాయంత్రం పెడితే టోక్యోలో గురువారం ఏప్రిల్ 30 ఉదయం, పని దినమే.

రెండు వారాలకోసారి కాల్ అయితే ఏ వారం మొదలుపెడతామన్నదీ ముఖ్యమే. జనవరి 6న మొదలుపెడితే ఆ నాలుగింటిలో ఏప్రిల్ 28 ఒక్కటే తగులుతుంది. జనవరి 13న మొదలుపెడితే ఫిబ్రవరి 10, మే 5, సెప్టెంబర్ 22 మూడూ తగులుతాయి. మొదటి తేదీని ఏడు రోజులు అటూ ఇటూ జరపడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు, కానీ ఈ లెక్క వేసి చూసేవాళ్లు అరుదు.

ఒక్కరి పండుగ విషయం వేరు. 2026లో చాంద్రమాన నూతన సంవత్సరం ఫిబ్రవరి 17న, మంగళవారం నాడు వచ్చింది. జపాన్‌కు అది సెలవు కాదు, అమెరికా ఫెడరల్ జాబితాలోనూ లేదు. శాన్‌ఫ్రాన్సిస్కో బృందంలో ఇద్దరికి అది పెద్ద పండుగ కావచ్చు. ముందటి వారం ఫిబ్రవరి 10 కాల్ ఇప్పటికే రద్దయింది, దీన్నీ రద్దు చేస్తే మళ్లీ మూడు వారాల ఎడం. కాబట్టి కాల్‌ను ఉంచి, ఆ ఇద్దరి మాట అవసరమైన విషయాలను 24వ తేదీకి వాయిదా వేయడం మెరుగు. దీనికోసం ఎవరికి ఏ పండుగ అని విచారించనక్కర్లేదు. ‘ఈ ఏడాది నేను రాని తేదీలు’ అని ఎవరికి వారు రాసే ఒక ఉమ్మడి పట్టిక చాలు.

సెలవు జాతీయమైనదైతే రద్దు చేసే పని నిర్వాహకుడిదే కావాలి. ఆహ్వానాన్ని అలాగే ఉంచి, రాలేనివాళ్లు రాలేమని చెబుతారులే అనుకుంటే భారం సెలవు ఉన్నవాళ్ల మీద పడుతుంది. కొందరు మొహమాటానికి సెలవు రోజున కూడా కాల్‌లో చేరతారు. ఒక వైపు నుంచి వరుసగా ‘రాలేను’ అన్న జవాబులు కాల్‌కు ఒకటి రెండు రోజుల ముందు వస్తున్నాయంటే, మినహాయింపులు పెట్టడం ఎవరో మరిచారని అర్థం.

## సమయం మార్చినప్పుడు

సరిగ్గా పెట్టిన మినహాయింపులు కూడా చెక్కుచెదరకుండా ఉంటాయన్న హామీ లేదు. EXDATEలో రాసిన విలువ కాల్ మొదలయ్యే క్షణంతో అచ్చంగా సరిపోలాలి. 2026 మార్చి 8న అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి, జపాన్‌లో జరగవు. అక్కడితో టోక్యోలో కాల్ 10 గంటలకు బదులు 9 గంటలకు మొదలవుతుంది. ఆఫీసుకు రాగానే కాల్ ఏమిటని టోక్యో వాళ్లు అడుగుతారు. నిర్వాహకుడు సిరీస్ మొత్తాన్ని సాయంత్రం 6 గంటలకు మారుస్తాడు.

ఇప్పుడు సూత్రం 18:00 అంటోంది, మినహాయింపులు 17:00 దగ్గరే ఉన్నాయి. కొన్ని యాప్‌లు వాటిని కొత్త సమయానికి సరిచేస్తాయి, కొన్ని మొత్తం తుడిచేస్తాయి. కొన్ని ‘ఈసారి నుంచి అన్నీ’ అంటే పాత సిరీస్‌ను అక్కడితో ముగించి కొత్తది మొదలుపెడతాయి. తుడిచేసిన చోట ఏ హెచ్చరికా లేకుండా రద్దయిన కాల్స్ తిరిగి వచ్చేస్తాయి. అందుకే సమయం మార్చిన వెంటనే ఏప్రిల్ 28, మే 5, సెప్టెంబర్ 22 తేదీలను క్యాలెండర్‌లో తెరిచి చూడాలి. అక్కడ 6 గంటల గడి కనిపిస్తే, జనవరిలో చేసిన పనిని మార్చిలో మళ్లీ చేయాలన్నమాట.